విగ్రహంలో మట్టి ఎంత? మా దుకాణంలో తేలిన ఒక తూకం పంచాయితీ

వర్ధన్నపేట వైపు ఒక ఊళ్లో హనుమాండ్ల గుడికి ఉత్సవ విగ్రహం పోయించాలనుకున్నారు. ఇంటింటికీ తిరిగి పాత ఇత్తడి సామాను పోగు చేశారు. సొట్టలు పోయిన బిందెలు, చెంబులు, తాంబాళాలు, పగిలిన గంట ఒకటి, అన్నీ కలిపి కాంటా మీద 12 కిలోల 900 గ్రాములు తూగాయి. ఆ సామాను పోత పని చేసే ఒకాయనకు అప్పజెప్పి చిట్టీ రాసుకున్నారు. ఇచ్చిన ఇత్తడితోనే విగ్రహం పోయాలి, తరుగు కిలోకు 70 గ్రాములు, మజూరీ వేరు. చిట్టీలో ఉన్నది అంతే. విగ్రహం నిండు పోతా, గుల్ల పోతా అన్న మాట అందులో లేదు. మిగిలిన ముక్కలు ఎవరివన్న మాటా లేదు.

విగ్రహం వచ్చింది. పదిహేను అంగుళాల హనుమంతుడు, ఒక చేత గద, ఇంకో చేత సంజీవని కొండ. పని బాగుంది. తూకం 11 కిలోల 420 గ్రాములు. తరుగు తీసేస్తే సుమారు 12 కిలోలు రావాలి కాబట్టి ఆరు వందల దాకా తగ్గినట్టు లెక్క. దానికే గొడవ అయ్యేది కాదు. పాత సామాను కొనే దుకాణం ఆయన ఒకడు విగ్రహం మీద వేలితో కొట్టి చూసి "ఇది బద్దగా మోగుతోంది, లోపల సగం మట్టే" అన్నాడు. కమిటీ క్యాషియర్ పోత పనాయనకు ఫోన్ చేస్తే ఆయన దాచలేదు. లోపల మట్టి గుండె ఉంది, ఈ సైజు విగ్రహాలు గుల్లగానే పోస్తాం, లోపలి మట్టి ముప్పావు కిలోకు కొంచెం అటు ఇటు ఉంటుంది అని చెప్పాడు.

ఇక్కడ పోత గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మైనం పోతలో పెద్ద విగ్రహాన్ని నిండుగా పోస్తే లోహం చల్లారేటప్పుడు మందంగా ఉన్న చోట కుంగుతుంది, పగుళ్లు వస్తాయి. అందుకని ముందు మట్టితో లోపలి గుండె చేసి ఆరబెడతారు. దాని మీద మైనం పొర వేసి, ముఖం, నగలు, వేళ్లు ఆ మైనంలోనే తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పొరలు వేసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన చోట ఇత్తడి పోస్తారు. పై మట్టిని పగలగొడతారు, లోపలి గుండె మాత్రం చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. అడుగున పీఠం మూసేసిన విగ్రహంలోంచి దాన్ని తియ్యడం కుదరదు కూడా. లోపల మట్టి ఉన్నంత మాత్రాన మోసం కాదు. మోసం ఉంటే ఎంత ఉందన్న దాంట్లోనే ఉంటుంది.

క్యాషియర్ ఆ మాట నమ్మలేదు. ఊరి హైస్కూల్లో సైన్స్ చెప్పే సార్‌ని పిలిచారు. ఆయన బకెట్‌ను అంచు దాకా నీళ్లతో నింపి, కింద పెద్ద బేసిన్ పెట్టి, విగ్రహాన్ని పీఠం పట్టుకుని ముంచాడు. బేసిన్లో పడిన నీళ్లు కొలిస్తే 2 లీటర్ల 150 మిల్లీలీటర్లు వచ్చాయి. ఇత్తడి సాంద్రత పుస్తకంలో 8.4 అని ఉంది. 2,150ని 8.4తో గుణిస్తే 18 కిలోల 60 గ్రాములు. విగ్రహం తూగేది 11.420. తేడా 6 కిలోల 640 గ్రాములు. సాయంత్రానికల్లా ఊళ్లో "ఆరున్నర కిలోల ఇత్తడి మింగిండు" అన్న మాట పాకిపోయింది.

ఆ లెక్కలో పొరపాటు ఎక్కడుందో ఎవరూ ఆగి చూడలేదు. వాళ్లిచ్చిందే 12.900. అందులో ఆరున్నర మింగితే మిగిలిన ఆరుంపావుతో 11.420 విగ్రహం కావాలంటే లోపల అయిదు కిలోలకు పైగా మట్టి పట్టాలి. అంత మట్టి మూడు లీటర్ల చోటు తీసుకుంటుంది. సార్ కొలిచిన విగ్రహం మొత్తమే రెండు లీటర్ల చిల్లర.

పోత పనాయనకూ, కమిటీ పెద్దమనిషికీ నేను తెలిసినవాణ్ణి. వరంగల్ మట్టెవాడలో మాది అవుసుల దుకాణం, మా నాయన నాటిది. పంచాయితీ మా దగ్గర పెట్టుకుందామని ఇద్దరూ ఒప్పుకుని విగ్రహాన్ని కొత్త పంచెలో చుట్టి తెచ్చారు. నాకు బంగారం తెలుసు, ఇత్తడి పోత నా పని కాదు. పక్కన కూర్చుని గాజుకు మెరుగు పెడుతున్న మా పిల్లగాడు తలెత్తి "కాకా, గాజు చూసినట్టే దీన్నీ చూద్దామా?" అన్నాడు. ఇంటర్ ఎంపీసీ చదివి మా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మాటలు తక్కువ, లెక్క గట్టిది.

గాజు చూడటం అంటే ఇది. ఎవరైనా పాత గాజు తెచ్చి అమ్ముతానంటే, లోపల లక్క ఉందా, వేరే లోహం ఉందా అని అనుమానం వస్తే కొయ్యక్కర్లేదు. తూకం యంత్రం మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేస్తాం. గాజును సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగునా గోడలకూ తగలకుండా నీళ్లలో వేలాడదీస్తాం. దారం మన చేతిలోనే ఉంటుంది, అయినా యంత్రం ఒక అంకె చూపిస్తుంది. గాజు ఎంత నీటిని పక్కకు జరిపిందో ఆ నీటి బరువే ఆ అంకె. గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరు కాబట్టి అదే గాజు ఘనపరిమాణం. 50 గ్రాముల 22 క్యారెట్ల గాజయితే 2.8 దగ్గర చూపాలి. 3.6 చూపిందంటే లోపల తేలిక సరుకు ఏదో ఉన్నట్టే. టంగ్‌స్టన్ పెట్టి 24 క్యారెట్ల బిస్కెట్ చేస్తే మాత్రం ఈ పరీక్ష పట్టుకోదు, రెండింటి సాంద్రతా 19.3 దగ్గరే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే గాజులకు ఇది చాలు.

విగ్రహానికి మా యంత్రం పనికిరాదు, అది 600 గ్రాములకు మించి తూచదు. పక్క కిరాణా కొట్టు నుంచి 30 కిలోల ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చాడు. తెచ్చీ తేగానే విగ్రహం పెట్టలేదు. కిరాణా ఆయన దగ్గరున్న తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల గుండు పెట్టి చూశాడు, సరిగ్గా చూపింది. విగ్రహం పెడితే 11.420. ఊళ్లో తూకం, ఇక్కడి తూకం ఒకటే. అక్కడికి ఒక అనుమానం తీరిపోయింది.

నీళ్లలో ముంచుతామనేసరికి కమిటీలో పెద్దాయన తటపటాయించాడు. స్వామివారిని బకెట్లో ముంచుడేందని. వెంట వచ్చిన అయ్యగారు నవ్వి "ప్రతిష్ఠ ఇంకా కాలేదు కదా, నేత్రోన్మీలనం కాలేదు. రేపు జలాధివాసం చేసేటప్పుడు నేను ముంచేదీ నీళ్లలోనే" అన్నాడు. కొత్త బకెట్ తెప్పించండి, మంచినీళ్లు పోయండి, చెప్పులు విడవండి అని మూడు షరతులు పెట్టాడు. అవన్నీ జరిగాయి.

షట్టర్ దగ్గరి ఇనుప పైపుకు సన్నని నైలాన్ తాడు కట్టి, విగ్రహాన్ని నడుముకూ మెడకూ తగిలించి వేలాడదీశాం. కింద కాంటా, కాంటా మీద ముప్పావు వంతు నీళ్లున్న బకెట్. నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేశాడు. లోహానికి నీరు బాగా అంటుకోవాలని, బుడగలు తక్కువ పట్టాలని. సున్నా నొక్కి, తాడు నెమ్మదిగా వదిలాడు. విగ్రహాన్ని నిటారుగా కాక పక్కకు వంచి దించాడు. చంక కింద, గద వెనక, తోక మెలికలో గాలి చిక్కుకుంటే ఆ గాలి కూడా విగ్రహంలో భాగమే అయిపోయి ఘనపరిమాణం ఎక్కువ చూపిస్తుంది. మెరుగు పనికి వాడే మెత్తని కుంచెతో ఆ సందులన్నీ తడిమాడు. బుడగలు పైకి వచ్చాయి.

అంకె 1.745 దగ్గర నిలిచినట్టే ఉండి 1.740కి, కాసేపటికి 1.735కి జారింది. ఎడమ పాదం పక్క నుంచి సన్నని దారంలా బుడగలు వస్తూనే ఉన్నాయి. పిల్లగాడు విగ్రహాన్ని పైకి లేపి, తుడిచి మళ్లీ తూచాడు. 11.435 చూపింది. పదిహేను గ్రాముల నీళ్లు లోపలికి పోయాయి. పోతలో సూదిమొన అంత రంధ్రం ఎక్కడో ఉంది, అందులోంచి మట్టి గుండె నీళ్లు తాగుతోంది. ఇది కనిపెట్టకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. అంకె కిందికి జారుతుంటే, బయటికి తీశాక బరువు పెరిగితే, లోపలికి దారి ఉన్నట్టు. ముంచిన మొదటి సెకన్లో అంకె రాసుకుని సంబరపడేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

విగ్రహాన్ని ఎండలో పెట్టారు. మధ్యాహ్నం ఎండ, ఇత్తడి ముట్టుకోలేనంత వేడెక్కింది. టీలు అయ్యాయి. తూకం మళ్లీ 11.420కి వచ్చాక, చల్లారనిచ్చి, పాదం దగ్గర తేనె మైనం వేడి చేసి రుద్దాడు. అది గ్రాము కూడా ఉండదు. రెండోసారి ముంచితే బుడగలు లేవు, అంకె 1.740 దగ్గర నిలబడింది. తీసి మళ్లీ ముంచినా అదే.

సార్‌కు 2,150 వస్తే ఇక్కడ 1,740 ఎలా వచ్చింది? సార్ కూడా వచ్చి ఉన్నాడు, ఆయన ముఖంలో అదే ప్రశ్న. పిల్లగాడు ఆయన్ని ఏమీ అనలేదు. విగ్రహం పైకి తీసేసి, కాంటా మళ్లీ సున్నా చేసి, "సార్, మీరు అప్పుడు పట్టుకున్నట్టే ఓసారి చెయ్యి ముంచుండ్రి" అన్నాడు. సార్ మణికట్టు దాకా చెయ్యి ముంచాడు. కాంటా 405 చూపింది. 1,740కి 405 కలిపితే 2,145. సార్ చెయ్యి తీసి, నీళ్లు విదిలించి, "నా చెయ్యినే కొలిచినం అన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతో గదిలో టెన్షన్ సగం తగ్గింది.

అంచు దాకా నింపి పొర్లిన నీళ్లు కొలిచే పద్ధతి ఆర్కిమెడీస్ కిరీటం కథ వల్ల అందరికీ తెలుసు. కానీ అంచు దగ్గర నీరు ఉబ్బి నిలబడుతుంది, ఒకసారి ఎక్కువ పొర్లుతుంది, ఒకసారి తక్కువ, కొంత బకెట్ గోడకే అంటుకుంటుంది. ఆ పద్ధతి మోటుదని, నీళ్లలో వేలాడదీసి తూచడమే నికరమని గెలీలియో 1586లోనే రాశాడు. కాంటా ఉన్న చోట పొర్లించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు చేతిలో రెండు అంకెలున్నాయి. బరువు 11,420 గ్రాములు, ఘనపరిమాణం 1,740 మిల్లీలీటర్లు. క్యాషియర్ వెంటనే ఫోన్లో లెక్క కట్టబోయాడు. పిల్లగాడు ఆపాడు. "అన్నా, ఇత్తడి 8.4 అని పుస్తకంలో ఉంటది. మనది బిందెలూ చెంబులూ కలిపి కరిగించింది. దానిది దాన్నే అడుగుదాం."

జింక్ పాలును బట్టి ఇత్తడి సాంద్రత 8.4 నుంచి 8.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రాగి ఎక్కువైతే పెరుగుతుంది, జింక్ ఎక్కువైతే తగ్గుతుంది. పోత పనాయన దగ్గర ఇదే పోతలో మిగిలిన ముక్కలు ఉన్నాయి. ఇత్తడి పోసే గొంతు దగ్గరా, దారుల్లోనూ గడ్డకట్టి, తర్వాత కోసి తీసేసినవి. సంచీలో తెచ్చుకున్నాడు. అందులోంచి నిండుగా ఉన్న ముక్క ఒకటి ఏరి, రంపం పెట్టి కోసి లోపల గుల్ల లేదని చూసుకుని, మా చిన్న యంత్రం మీద తూచాడు. 486.3 గ్రాములు. నీళ్లలో 57.74. భాగిస్తే 8.42.

రెండోది మట్టి. పాదం దగ్గరి రంధ్రంలోంచి మట్టి రాదు. పోత పనాయన పుట్టమన్ను, ఇసుక, ఊక, పేడ కలిపి గుండె చేస్తాడు. కాలినప్పుడు ఊక మాడిపోయి చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి, అందుకే అది తేలిక. అదే పాలుతో చేసి, పోత చెడిపోయిన ఇంకో బొమ్మలోంచి తీసిన కాలిన గుండె ముక్క తెప్పించాం. దాన్ని అలాగే ముంచితే నీళ్లు తాగేస్తుంది. ముందు తూచాడు, 143 గ్రాములు. కరిగిన మైనంలో ఒక మునక వేసి తీసి మళ్లీ తూచాడు, 148. అయిదు గ్రాముల మైనం అయిదు మిల్లీలీటర్ల పైచిలుకు చోటు తీసుకుంటుంది. నీళ్లలో 89.3 చూపింది. మైనం చోటు తీసేస్తే 84.1. మట్టి సాంద్రత 1.70.

మట్టి పని జరుగుతుండగా క్యాషియర్ అడిగిన ప్రశ్న ఆ రోజు మొత్తంలో నాకు నచ్చిన ప్రశ్న. "లోపల మట్టే ఉందని మనకేం తెలుసు? ఖాళీ ఉండొచ్చు, సీసం ఉండొచ్చు." నిజమే. లోపల ఎంత చోటు ఇత్తడి కాదో నీళ్లు చెప్తాయి, ఆ చోటులో ఏముందో చెప్పవు. సగం ఖాళీ పెట్టి సగం సీసం పోసి కావలసిన అంకె తెప్పించవచ్చు. అందుకని పోత పనాయన ఒప్పుకున్నాక, అయ్యగారు సరేనన్నాక, పీఠం అడుగున 2 మిల్లీమీటర్ల డ్రిల్‌తో ఒక రంధ్రం వేశాం. ముందు బంగారు రంగు పొట్టు వచ్చింది, తర్వాత డ్రిల్ చటుక్కున లోపలికి దిగి ఇటుక రంగు పొడి వచ్చింది. సన్నని స్టీలు తీగ దూర్చి చూస్తే నడుము పైదాకా గుచ్చుకుంటూ మట్టిలోనే పోయింది. ఖాళీ తగల్లేదు, మెత్తగా గీసుకునే సీసమూ తగల్లేదు. ఛాతీ పైన, తలలో ఏముందో తీగ అందదు. అక్కడ మోసం చేసేంత చోటూ లేదు.

తీగ గుచ్చుతుంటే పోత పనాయనే చెప్పాడు. "లోపల ఇనుప చువ్వ ఉంటది, గుండె విరగకుండ పెడతం. ఆరు ఎమ్మెమ్‌ది, అడుగు పొడుగు." దారానికి కట్టిన అయస్కాంతం విగ్రహం వీపు దగ్గరికి తెస్తే మెల్లగా అటు వాలింది. చువ్వ ఉన్నట్టే.

అప్పుడు లెక్క. పిల్లగాడు దాన్ని ఇత్తడి పళ్లెం వెనక చాక్‌పీస్‌తో రాశాడు, అందరికీ కనిపించేలా. విగ్రహం మొత్తం ఇత్తడే అయితే 1,740ని 8.42తో గుణించాలి, 14,651 గ్రాములు ఉండాలి. ఉన్నది 11,420. లోటు 3,231. సార్ అంతకుముందు ఆగిపోయింది ఈ లోటు దగ్గరే, దీన్నే ఆయన పోయిన ఇత్తడి అనుకున్నాడు. ఈ లోటు మట్టి బరువూ కాదు, ఎత్తుకుపోయిన ఇత్తడీ కాదు. ఒక మిల్లీలీటరు ఇత్తడి ఉండాల్సిన చోట మట్టి ఉంటే 8.42 గ్రాములకు బదులు 1.70 ఉంటుంది, అంటే 6.72 గ్రాములు తగ్గుతుంది. అలా ఎన్ని మిల్లీలీటర్లు మారితే 3,231 తగ్గుతుంది? 3,231ని 6.72తో భాగిస్తే 481. అంత చోటు మట్టి. దాని బరువు 481ని 1.70తో గుణిస్తే 817 గ్రాములు.

ముప్పావు కిలోకు కొంచెం అటు ఇటు అని పోత పనాయన చెప్పింది నిలబడింది.

క్యాషియర్ ఊరుకునే మనిషి కాదు, ఊరుకోకపోవడం మంచిదే అయింది. ఈ 817 ఎంత నికరం అని అడిగాడు. పిల్లగాడు అంకెలు మార్చి మార్చి చూపించాడు. కాంటా పది గ్రాములు తప్పు చూపిందనుకుంటే మట్టి ఇరవై గ్రాములు మారుతుంది. ఇత్తడి 8.42 కాక 8.50 అనుకుంటే పాతిక గ్రాములు పెరుగుతుంది. అసలు సందేహం మట్టి దగ్గరే ఉంది. అది 1.60 అయితే 758, 1.80 అయితే 878. గుండెను ఎంత గట్టిగా కొట్టి చేశాడు, ఊక ఎంత వేశాడు అన్న దాన్ని బట్టి అంత తేడా వస్తుంది. కాబట్టి ఎనిమిది వందల చిల్లర, అటు ఇటు డెబ్బై ఎనభై గ్రాములు. దీన్ని 817 అని గ్రాముతో సహా బల్లగుద్ది చెబితే అబద్ధం అవుతుంది. కిలోన్నర అనీ, రెండు కిలోలనీ అనడానికి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు. గట్టిగా కుదించిన తడి ఇసుక అనుకుని 2.1 వేసినా కిలో డెబ్బై అయిదు గ్రాములకు మించదు.

ఇనుప చువ్వ ఈ లెక్కకు కనపడదు. ఇనుము సాంద్రత 7.87, ఇత్తడికి దగ్గర. అందువల్ల అది ఇత్తడి ఖాతాలోనే పడిపోతుంది. 6 ఎమ్మెమ్ చువ్వ మీటరుకు 222 గ్రాములని ఇల్లు కట్టినవాళ్లెవరికైనా తెలుసు, అడుగుకు 68 అవుతుంది. 11,420లోంచి మట్టి 817, చువ్వ 68 తీసేస్తే అసలు ఇత్తడి 10 కిలోల 535 గ్రాములు. కమిటీ పెద్దమనిషి దాన్ని పదిన్నర కిలోలుగా రాసుకోమన్నాడు. పిల్లగాడు ఒప్పుకోలేదు, 10.535 అని రాశాడు. ముప్పై అయిదు గ్రాములు నికరం కాదని అంతకుముందు చెప్పింది వాడే. తగ్గించి రాయడానికి మనమెవరమని అడిగాడు. నేనేమీ అనలేదు.

ఇంతవరకూ పోత పనాయన గెలిచినట్టే అనిపించింది, ఆయన మొహమూ అలాగే ఉంది. కానీ పంచాయితీ మట్టి దగ్గర అయిపోదు. 12,900లోంచి చిట్టీ ప్రకారం తరుగు కిలోకు 70 చొప్పున 903 గ్రాములు తీసేస్తే, 11 కిలోల 997 గ్రాముల ఇత్తడి ఎక్కడో ఉండాలి. విగ్రహంలో 10,535 ఉంది. మిగిలింది దాదాపు కిలోన్నర. సంచీలో ఉన్న కోత ముక్కలన్నీ కాంటా మీద పెట్టమన్నాను. 1 కిలో 480 గ్రాములు. రెండూ కలిపితే 12,015. అంటే నిజంగా తరుగు పోయింది 885 గ్రాములు, చిట్టీలో రాసుకున్న దానికి పద్దెనిమిది తక్కువే.

పాత సామానుకు ఈ తరుగు ఎక్కువేమీ కాదు. బిందెల లోపలి కళాయి, అతుకుల్లోని టంకం, ఏళ్ల మకిలి అన్నీ అందులోనే పోతాయి. దానికి తోడు జింక్ 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఇత్తడి కరిగేదీ ఆ చుట్టుపక్కలే. మూస మీద తెల్లని పొగ లేస్తే అది జింకే, తూకంలోంచి గాలికి పోతున్నట్టు. మూస మీద బొగ్గు పొడి కప్పి, కరిగిన వెంటనే పోసే పనివాడికి తరుగు తగ్గుతుంది. ఈయన పని శుభ్రమైనదే.

కానీ ఆ కిలో 480 గ్రాముల ముక్కలు ఊరి ఇత్తడి. అవి పనివాడికే చెందుతాయన్నది తమ దగ్గర ఆనవాయితీ అని ఆయన వాదించాడు. ఉండొచ్చు. మా పనిలో రాకినప్పుడు రాలిన బంగారు పొడి ఎవరిదన్న గొడవ మా తాతల నాటి నుంచీ ఉంది. కాబట్టి ఆ వాదన నాకు కొత్త కాదు. చిట్టీలో తరుగు రాసుకున్నారు, ముక్కలు రాసుకోలేదు. రాయనిది ఇచ్చినవాడిది. ఆ మాట నేను చెప్పాను, పిల్లగాడు కాదు. దానికి నీళ్లూ కాంటా అక్కర్లేదు, నోరు కావాలి. కాసేపు గునిసి, సంచీ అక్కడే వదిలేశాడు. కమిటీ ఆ ముక్కలతో గుడికి చిన్న గంట, హారతి పళ్లెం పోయించాలని ఆయనకే మళ్లీ అప్పజెప్పింది, ఈసారి చిట్టీలో అన్నీ రాసి. మజూరీలో పట్టి ఉంచిన డబ్బు అక్కడే ఇచ్చేశారు. పీఠం కింది రంధ్రానికి ఇత్తడి మేకు కొట్టి, ఆకురాయితో సమం చేశాం. పాదం దగ్గరి సూది రంధ్రం ఊరికే వదిలితే అభిషేకం నీళ్లు లోపలికి పోయి, ఇనుప చువ్వ తుప్పు పట్టి, ఏళ్లకు ఇత్తడిని పగలగొడుతుంది. అందుకని మైనం తీసేసి, టంకం వేసి మూయమని పోత పనాయనకు చెప్పాను. అక్కడే కూర్చుని వేశాడు.

లేవబోతూ ఆయన జేబులోంచి నూనె మరకల నోట్‌బుక్ ఒకటి తీసి పిల్లగాడికి చూపించాడు. పై మట్టి వెయ్యకముందు విగ్రహానికి పట్టిన మైనం బరువు అందులో రాసి ఉంది, దారుల మైనం కాకుండా 1 కిలో 220. ఎంత మైనం పడితే దానికి ఎనిమిదింతలు పైన ముప్పావు వంతు ఇత్తడి పడుతుందని ఆయన లెక్క. 1,220ని 8.75తో గుణిస్తే 10 కిలోల 675. లోహం చల్లారి కుంగేది కొంత ఉంటుంది, రుద్దుడులో పోయేది కొంత ఉంటుంది. మా లెక్కకు 140 గ్రాముల తేడా, నూటికి ఒకటిన్నర కూడా కాదు.

క్యాషియర్ నోట్‌బుక్ లాక్కుని చూశాడు. "ఇది ముందే చూపిస్తే అయిపోవు కదా, ఇంత దూరం వచ్చుడెందుకు?"

"నా నోట్‌బుక్కుల నేను రాసుకున్నది మీరు నమ్ముదురా?" అన్నాడు పోత పనాయన. క్యాషియర్ దానికి జవాబు చెప్పలేదు. ఆ పేజీని మాత్రం ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు.